చిచ్చుబుడ్డి డైరీ: పది లక్షల రవ్వలు, లింక్డ్ లిస్ట్, అర్రే

శనివారం రాత్రి

స్క్రీన్ మీద చిచ్చుబుడ్డి వెలిగించాలన్నది ప్రాజెక్టు. కింది నుంచి రవ్వలు ఎగజిమ్మాలి, పైకి వెళ్లి వంగి రాలాలి, కాసేపటికి ఆరిపోవాలి. ఒకేసారి పది లక్షల రవ్వలు బతికి ఉండాలని పెట్టుకున్నాను. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లే దొరుకుతాయి.

ఒక్కో రవ్వ ఆయుష్షు 60 నుంచి 180 ఫ్రేముల మధ్య ఎంతైనా ఉండవచ్చు. ఎన్ని ఆరిపోతే అదే ఫ్రేములో అన్ని కొత్తవి పుడతాయి. లెక్క వేస్తే ఫ్రేముకి 8,300 పైచిలుకు చావులు, అన్నే పుట్టుకలు. ఆరిపోయే రవ్వ జాబితాలో ఎక్కడైనా ఉండవచ్చు.

మా బాబాయి కొడుకు బీటెక్ రెండో ఏడాది. ఈ సెమిస్టర్‌లోనే డేటా స్ట్రక్చర్స్ ఉంది. నా స్కెచ్ చూడగానే, "అన్నా, మధ్యలోంచి తీసేయాలంటే లింక్డ్ లిస్టే కదా? అర్రే అయితే మిగతావన్నీ జరపాలి" అన్నాడు. నాకూ సబబే అనిపించి దానితోనే మొదలుపెట్టాను.

```c
struct ravva {
    float x, y, vx, vy;
    int life;
    unsigned color;
    struct ravva *next;
};
```

ప్రతి ఫ్రేములో లిస్ట్ అంతా ఒకసారి నడవాలి. ఆరిపోయినదాన్ని విప్పి `free` చేయాలి, బతికున్నదాన్ని కదపాలి. తర్వాత కొత్త రవ్వలకు `malloc` పిలిచి, వాటిని లిస్ట్ తలకి తగిలించాలి.

```c
struct ravva **pp = &head;
while (*pp) {
    struct ravva *r = *pp;
    if (--r->life <= 0) {
        *pp = r->next;
        free(r);
        dead++;
    } else {
        kadulu(r);
        pp = &r->next;
    }
}
```

బొమ్మ గీసే పని తీసేసి ఈ నడకకి పట్టే టైమ్ ఒక్కటే కొలిచాను. మొదటి ఫ్రేముకి సుమారు 9 మిల్లీసెకన్లు పట్టింది. హాయిగా సరిపోతుందనుకుని గీసే భాగం తిరిగి కలిపి నడిపాను. మొదటి సెకను చాలా అందంగా వచ్చింది. ఆ తర్వాత చిచ్చుబుడ్డి కుంటడం మొదలై, ఇంకో రెండు మూడు సెకన్లు గడిచేసరికి స్లైడ్ షోలా తయారైంది.

ఆదివారం

ప్రతి ఫ్రేము టైమ్‌నీ ఫైల్‌లో రాయించాను. గ్రాఫ్ గీస్తే ఆకారం చాలా స్పష్టంగా ఉంది. 60వ ఫ్రేము దాకా 9 మిల్లీసెకన్ల దగ్గర చదునుగా ఉండి, అక్కడి నుంచి నిచ్చెన ఎక్కినట్టు ఎక్కింది. 180 దాటాక 110 దగ్గర ఆగి మళ్లీ చదునైంది. రవ్వల సంఖ్య మాత్రం మొదటి నుంచీ చివరి దాకా పది లక్షలే.

ముందు లాప్‌టాప్ వేడెక్కి స్పీడ్ తగ్గించుకుంటోందేమో అనుకున్నాను. కానీ ఆపి వెంటనే మళ్లీ నడిపితే మొదటి ఫ్రేము మళ్లీ 9కే వచ్చింది. `malloc`, `free` నెమ్మదిగా ఉన్నాయేమోనని వాటిని విడిగా కొలిస్తే, ఎనిమిది వేల జతలకీ కలిపి ఒక మిల్లీసెకను కూడా పట్టలేదు. మెమరీ లీకూ లేదు.

అసలు ఆనవాలు ఆ 60 అన్న అంకెలో ఉంది. మొదటి రవ్వ ఆరిపోయేది 60వ ఫ్రేములో. మొదటి తరంలో చివరి రవ్వ ఆరిపోయేది 180లో. అంటే పాత రవ్వల చోట్లలోకి కొత్తవి వచ్చే కొద్దీ నడక బరువెక్కుతోంది. మొదటి తరం మొత్తం పోయాక ఇక పెరగడం లేదు.

`perf` తో చూశాను.

```
perf stat -e instructions,cycles,LLC-load-misses ./chichu 50
perf stat -e instructions,cycles,LLC-load-misses ./chichu 400
```

రెండిట్లోనూ ఒక్కో రవ్వకి ఖర్చయ్యే ఇన్‌స్ట్రక్షన్లు దాదాపు సమానం, ఇరవై చిల్లర. అంటే ప్రోగ్రామ్ చేసే పని పెరగలేదు. మారింది `insn per cycle` అన్న వరస. 50 ఫ్రేములకి 0.6 దగ్గర ఉన్నది 400 ఫ్రేములకి 0.08కి పడిపోయింది. ప్రాసెసర్ ఎక్కువ టైమ్ పని లేకుండా, మెమరీ నుంచి ఏదో రావాలని ఎదురుచూస్తూ ఉంది.

ఆదివారం సాయంత్రం

ఎదురుచూపు ఎందుకో తెలుసుకోవడానికి నోడ్ల అడ్రసులు ప్రింట్ చేశాను. మొదటి ఫ్రేములో లిస్ట్ వెంట నడిస్తే ఇలా వచ్చాయి:

```
0x55d0c8a3f2d0
0x55d0c8a3f2a0
0x55d0c8a3f270
```

ఒక్కో అడుగుకి `0x30`, అంటే 48 బైట్లు వెనక్కి. కొత్తవాటిని తలకి తగిలిస్తున్నాను కాబట్టి అడ్రసులు తగ్గుతూ వస్తున్నాయి. నా స్ట్రక్ట్ 32 బైట్లే అయినా, `malloc` తన లెక్క రాసుకోవడానికి 8 బైట్లు కలిపి, దాన్ని 16కి గుణిజంగా పెంచి 48 చేస్తుంది. ఆ రకంగా పది లక్షల రవ్వలు 48 ఎంబీ. `lscpu` ప్రకారం నా మెషీన్‌లో అన్నిటికన్నా పెద్ద క్యాష్, ఎల్3, 8 ఎంబీ మాత్రమే. కాబట్టి ప్రతి ఫ్రేములోనూ ర్యామ్ దాకా వెళ్లి రావడం ఎలాగూ తప్పదు.

అలాంటప్పుడు మొదటి ఫ్రేము అంత వేగంగా ఎలా అయింది? రెండు కారణాలు. మొదటిది, ర్యామ్ నుంచి ఒక్క బైటు అడిగినా 64 బైట్ల క్యాష్ లైన్ మొత్తం వస్తుంది. నోడ్లు పక్కపక్కన ఉంటే ఒక లైన్‌తో పాటు పక్క నోడ్‌లో కొంత భాగం కూడా వచ్చేస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. ప్రాసెసర్‌లో ప్రీఫెచర్ అనే భాగం ఒకటుంది. వరుసగా లైన్లు అడుగుతున్నామని గమనిస్తే, మనం అడగకముందే తర్వాతి లైన్లు తెచ్చి పెడుతుంది. పైకి వెళ్తున్నా కిందికి వెళ్తున్నా దానికి ఇబ్బంది లేదు. ఆ లెక్కన మొదటి ఫ్రేములో నా లిస్ట్ పేరుకే లిస్ట్. మెమరీలో మాత్రం అర్రే లాగే పడి ఉంది.

ఇప్పుడు 70వ ఫ్రేములో తల దగ్గర మూడు నోడ్లు:

```
0x55d0c9b1e7a0
0x55d0c9b1d270
0x55d0c9b1b7d0
```

తేడాలు 5,424 బైట్లు, 6,816 బైట్లు. లెక్క దాదాపుగా సరిపోయింది. ఒక ఫ్రేములో ప్రతి 120 రవ్వలకి ఒకటి ఆరిపోతుంది. 120 × 48 = 5,760 బైట్లు. ఖాళీ అయిన చోట్లు సగటున అంత దూరంలో ఉంటాయి. తర్వాత `malloc` అడిగితే ఇటీవల విడిచిన ముక్కలే మళ్లీ ఇస్తుంది. కొత్త రవ్వలన్నీ ఆ దూరదూరపు గుంతల్లోకే వెళ్లి, లిస్ట్‌లో మాత్రం ఒకదాని పక్కన ఒకటి చేరతాయి.

మెమరీ పేజీ 4,096 బైట్లు. ఈ అడుగు దానికన్నా పెద్దది. అంటే ఎక్కువ రవ్వలు కొత్త పేజీలోనే ఉంటాయి. ప్రీఫెచర్ సాధారణంగా పేజీ గట్టు దాటదు. పైగా ఇక్కడ దూరాలు కూడా ఒక క్రమంలో లేవు. తెచ్చుకున్న 64 బైట్లలో మిగిలిన భాగం ఆ కాసేపట్లో ఎవరికీ అక్కరకి రాదు. ఇంకో నష్టం కూడా ఉంది. 48 బైట్ల ఎడంతో 32 బైట్ల నోడ్లు పెట్టుకుంటూ పోతే ప్రతి నాలుగో నోడ్ రెండు క్యాష్ లైన్ల మీద పడుతుంది. దానికి రెండు లైన్లూ తెచ్చుకోవాలి.

ర్యామ్‌కి ఒకసారి వెళ్లి రావడానికి సుమారు 100 నానోసెకన్లు వేసుకుంటే, పది లక్షల సార్లకి 100 మిల్లీసెకన్లు. నా గ్రాఫ్ 110 దగ్గర ఎందుకు ఆగిందో ఇక్కడ తెలిసింది.

సోమవారం రాత్రి

ఇదంతా నా ఊహే కావచ్చు కదా? అందుకే ఒక పరీక్ష పెట్టాను. 300వ ఫ్రేము దగ్గర ఆపి, నోడ్లన్నిటి అడ్రసులూ ఒక చోట పోగేసి, వరుసగా పేర్చి, ఆ వరుసలోనే `next` లు మళ్లీ కట్టాను. ఒక్క రవ్వనీ చోటు కదపలేదు. అవే నోడ్లు, అదే డేటా, అదే కోడ్. మారింది ఏ నోడ్ తర్వాత ఏ నోడ్ అన్నది మాత్రమే.

301వ ఫ్రేము 10 మిల్లీసెకన్లకి దిగింది. ఆ తర్వాత మళ్లీ మెల్లగా ఎక్కడం మొదలైంది. ఈసారి చావులు వెంటనే మొదలయ్యాయి కాబట్టి 60 ఫ్రేముల చదును లేదు.

ఈ పరీక్ష వల్ల నాకు ఇంకో సంగతి తెలిసింది. లిస్ట్‌నీ అర్రేనీ పోల్చాలంటే చాలామంది ఒక లూప్‌లో నోడ్లు చేసి, వెంటనే కూడి, టైమ్ చూస్తారు. అప్పుడు నోడ్లు పక్కపక్కనే ఉంటాయి, లిస్ట్ ఒకటిన్నర రెండు రెట్లే నెమ్మదిగా కనబడుతుంది. నేను శనివారం చూసిన 9 అలాంటి అంకే. కొన్నాళ్లు వాడిన లిస్ట్ వేరు, అప్పుడే చేసిన లిస్ట్ వేరు. కొలిచే ముందు తీసివేతలూ చేర్పులూ జరగనివ్వాలి.

మంగళవారం

తమ్ముడు ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాను. "మరి అర్రేలో కూడా చెల్లాచెదురుగా తిరిగితే అంతే కదన్నా? అందులో లిస్ట్ తప్పేముంది?" అన్నాడు. మంచి ప్రశ్న. నాకు సరైన జవాబు తెలియదు కాబట్టి ఆ రాత్రే కొలిచాను.

పది లక్షల రవ్వల అర్రే ఒకటి తీసుకున్నాను. ఈ పరీక్ష కోసం చావులు ఆపేశాను. 0 నుంచి 9,99,999 దాకా అంకెల్ని కలగాపులగం చేసి `idx` లో పెట్టాను. తర్వాత అదే వరుసలో ప్రతి రవ్వలోనూ తర్వాతి రవ్వ నంబర్ని `next` గా రాశాను. ఇప్పుడు ఒకే మెమరీ మీద ఒకే దారిలో రెండు రకాలుగా నడవచ్చు.

```c
for (k = 0; k < n; k++)
    kadulu(&a[idx[k]]);

for (k = 0, i = idx[0]; k < n; k++) {
    kadulu(&a[i]);
    i = a[i].next;
}
```

తాకే రవ్వలు అవే, తాకే వరుసా అదే. క్యాష్‌లో దొరకని సార్లు కూడా రెండిటికీ దాదాపు ఒకటే. అయినా మొదటిదానికి సుమారు 22 మిల్లీసెకన్లు పట్టింది, రెండోదానికి 110.

ఈ రెండు అంకెలూ చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. క్యాష్ లైన్లూ ప్రీఫెచరూ రెండిటికీ సమానంగా విఫలమైన చోట కూడా ఐదు రెట్ల తేడా మిగిలింది. కారణం, తర్వాతి అడ్రసు ఎప్పుడు తెలుస్తుంది అన్నది. మొదటి లూప్‌లో `idx[k+1]`, `idx[k+2]` ముందే చేతిలో ఉన్నాయి. ప్రాసెసర్ ఒక రవ్వ కోసం ఎదురుచూస్తూ ఊరుకోకుండా ముందున్న ఇన్‌స్ట్రక్షన్లలోకి చూసి, తర్వాతి రవ్వల్ని కూడా అడిగేస్తుంది. ఇలా ఒక్కో కోర్ పది పన్నెండు క్యాష్ లైన్ల కోసం ఒకేసారి ఎదురుచూడగలదు. ఎదురుచూపులు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి.

రెండో లూప్‌లో తర్వాతి రవ్వ ఎక్కడుందో ఈ రవ్వ లోపలే రాసి ఉంది. ఇది వచ్చేదాకా దాన్ని అడగడానికి వీల్లేదు. ఉత్తరం విప్పితే గానీ తర్వాతి ఉత్తరం ఏ ఊళ్లో ఉందో తెలియనట్టు. మొదటి లూప్‌కి ఊళ్ల జాబితా ముందే ఉంది కాబట్టి పది మందిని పది ఊళ్లకీ ఒకేసారి పంపగలదు. అడ్రసు కనుక్కోవడానికి అసలు వస్తువునే తెచ్చుకోవాల్సి రావడమే లిస్ట్ సొంత తప్పు అని తమ్ముడికి రాసి పంపాను.

బుధవారం

అర్రేకి మార్చాను. రవ్వల వరుస నాకు అక్కర్లేదు కాబట్టి, ఆరిపోయినదాని చోట్లో చివరి రవ్వని పెట్టేసి లెక్క ఒకటి తగ్గిస్తే చాలు. మిగతావి జరపనక్కర్లేదు. తీసివేత ఇక్కడా O(1), నడక ఇక్కడా O(n). కాగితం మీద లిస్ట్‌కీ దీనికీ తేడా లేదు.

```c
for (size_t i = 0; i < n; ) {
    if (--a[i].life <= 0)
        a[i] = a[--n];
    else
        kadulu(&a[i++]);
}
```

మొదట `i++` ని మామూలు అలవాటు ప్రకారం `for` తలలోనే రాశాను. అప్పుడు చివరి నుంచి వచ్చి కూర్చున్న రవ్వని ఆ ఫ్రేములో ఎవరూ తాకరు. అది కదలదు, దాని ఆయుష్షూ తగ్గదు. స్క్రీన్ మీద ఇది కంటికి కనబడే తప్పు కాదు. రెండు వెర్షన్లకీ ఒకే సీడ్ ఇచ్చి, ఫ్రేముకి ఎన్ని ఆరిపోయాయో పోల్చి చూడటం వల్ల దొరికింది. మొదటి చావుల దాకా లెక్కలు కలిసి, తర్వాతి ఫ్రేముల్లో కొద్ది కొద్దిగా తప్పాయి. సరిచేశాక 400 ఫ్రేముల్లోనూ కలిశాయి.

`next` పోయింది, `malloc` లెక్కల బరువూ పోయింది. రవ్వకి 24 బైట్లు, మొత్తం 24 ఎంబీ. ఇది కూడా ఎల్3లో పట్టదు. అయినా ఫ్రేముకి 5 మిల్లీసెకన్లు. 1వ ఫ్రేములోనూ 5, 400వ ఫ్రేములోనూ 5. గ్రాఫ్ నేల మీద గీసిన గీతలా ఉంది. చావులు ఎన్ని జరిగినా అర్రే మళ్లీ దగ్గరకి జరుగుతుంది. మధ్యలో గుంతలు ఉండవు.

గురువారం

మధ్యేమార్గం ఉందేమో చూశాను. నోడ్లకి `malloc` వాడకుండా ముందే ఒక పెద్ద అర్రే తీసుకుని అందులోంచి నోడ్లు పంచే పద్ధతి ఉంది కదా, పూల్ అంటారు. క్యాష్‌కి మంచిదని తరచూ సలహా ఇస్తారు. పెట్టి చూశాను. నోడ్ ఎడం 48 నుంచి 32కి తగ్గింది, రెండు లైన్ల మీద పడే నోడ్లు లేకుండా పోయాయి. కానీ 300వ ఫ్రేములో 90 మిల్లీసెకన్లు. పూల్ నోడ్లని ఒక ఊళ్లోకి చేరుస్తుంది తప్ప లిస్ట్ నడిచే దారిని సరిచేయదు. ఖాళీ చోట్లు తిరిగి వాడుకునే తీరు మారనంత వరకూ దారి చెదురుతూనే ఉంటుంది. ఒకసారి నింపి, మధ్యలో ఏదీ తీసేయని లిస్టులకి పూల్ బాగా పనిచేస్తుంది.

తర్వాత రవ్వల సంఖ్య తగ్గించుకుంటూ పోయాను. 500 రవ్వలైతే లిస్ట్ మొత్తం 24 కేబీ. నా ఎల్1 క్యాష్ 32 కేబీ. అంతా అందులోనే కూర్చుంటుంది, ఎంత చెదిరినా ప్రతి నోడూ నాలుగైదు సైకిళ్లలో చేతికొస్తుంది. అక్కడ లిస్ట్‌కీ అర్రేకీ నాకు లెక్కపెట్టదగ్గ తేడా కనబడలేదు. లక్ష రవ్వలైతే 4.8 ఎంబీ, ఎల్3లో పడుతుంది. అక్కడ లిస్ట్ నెమ్మదే, కానీ ఫ్రేము మాత్రం తప్పలేదు. ఎల్3 దాటాకే అసలు కష్టం మొదలవుతుంది. కాబట్టి జాబితా చిన్నదైతే ఈ మార్పు కోసం కోడ్ తిరగరాయనక్కర్లేదు.

అర్రే నా దగ్గర వసూలు చేసిన ధర కూడా ఒకటి ఉంది. మౌస్‌తో ఒక రవ్వని పట్టుకుంటే దాని వెంట తోక గీసే సరదా ఒకటి శనివారమే రాసుకున్నాను. లిస్ట్‌లో ఆ రవ్వ పాయింటర్ దాచుకుంటే సరిపోయేది, అది బతికున్నంత కాలం చోటు మారదు. అర్రేలో ఎప్పుడు ఏ రవ్వ ఎవరి చోట్లోకి జరుగుతుందో చెప్పలేం. తోక ఉన్నట్టుండి ఇంకో రవ్వకి అంటుకుంది. ఇప్పుడు పట్టుకున్న రవ్వకి ఒక నంబర్ ఇచ్చి, చివరిదాన్ని జరిపేటప్పుడు అది పట్టుకున్నదేనా అని చూసి స్థానం సరిచేస్తున్నాను. పట్టుకునేది ఒకటే కాబట్టి ఇది తేలిక. వేల చోట్ల నుంచి వేల వస్తువుల్ని వేలెత్తి చూపించాల్సి ఉంటే నేనూ లిస్ట్ వైపే చూసేవాణ్ని. లైనక్స్ కెర్నెల్ తన `list_head` ని అంతగా వాడటానికి ఇలాంటి అవసరమే కారణం. ఒకే వస్తువు ఒకేసారి నాలుగైదు లిస్టుల్లో ఉంటుంది, చోటు కదలకూడదు, చేతిలో ఉన్నదాన్ని వెతకకుండా విప్పేయాలి.

శుక్రవారం రాత్రి

గీసే భాగం కలిపి పది నిమిషాలు ఆపకుండా నడిపాను. 36,000 ఫ్రేముల్లో కదిపే పని ఎక్కడా 6 మిల్లీసెకన్లు దాటలేదు. తమ్ముడు లిస్ట్ వెర్షన్ని తన లాప్‌టాప్‌లో నడిపి గ్రాఫ్ పంపాడు. అతని ఎల్3 పెద్దది, ర్యామ్ కొత్తది. మెట్టు ఎత్తు తక్కువే గానీ, ఎక్కడం మొదలైంది సరిగ్గా 60 దగ్గరే.

ఇప్పుడు ఫ్రేములో పెద్ద వాటా గీసే పనిది, 10 మిల్లీసెకన్లు. రవ్వలు అర్రేలో వరుసగా ఉన్నా, అవి చుక్క పెట్టే పిక్సెళ్లు స్క్రీన్ బఫర్‌లో ఎక్కడెక్కడో ఉన్నాయి. రేపు రవ్వల్ని స్క్రీన్ వరసల ప్రకారం గుంపులు కట్టి, ఒక గుంపు తర్వాత ఒక గుంపు గీసి కొలవాలి.